ఏజింగ్ రిపోర్టుకు స్పెసిఫికేషన్

శాప్ వాడే కంపెనీల్లో క్రెడిట్ విభాగం తరచూ అడిగే రిపోర్టు ఒకటుంది. ఏ కస్టమర్ ఎంత బాకీ ఉన్నాడో, ఆ బాకీ ఎన్ని రోజుల పాతదో చూపే ఏజింగ్ రిపోర్టు అది. అడిగేటప్పుడు ఒక్క వాక్యమే. దాన్ని అలాగే డెవలపర్ చేతిలో పెడితే ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, లెక్క మాత్రం కుదరదు. మంచి ఫంక్షనల్ స్పెసిఫికేషన్ ఆ వాక్యంలో దాగిన నిర్ణయాలను ఒక్కొక్కటిగా బయటికి తీస్తుంది.

మొదటిది తేదీ. మార్చి 1న లక్ష రూపాయల ఇన్వాయిస్ నమోదైంది, గడువు 30 రోజులు. డబ్బు ఏప్రిల్ 5న వచ్చి ఆ పద్దు తీరిపోయింది. ఏప్రిల్ 10న కూర్చుని మార్చి 31 నాటి బాకీలు చూస్తే ఈ లక్ష కనిపించి తీరాలి. శాప్‌లో తీరని పద్దులు BSIDలో, తీరినవి BSADలో దొరుకుతాయి. BSID ఒక్కటే చదివిన ప్రోగ్రామ్‌కు ఈ ఇన్వాయిస్ కంటపడదు. అందుకే స్పెసిఫికేషన్ రాసేవారు షరతును ఇలా రెండు వరుసల్లో పెడతారు:

```
BSID: BUDAT <= keydate
BSAD: BUDAT <= keydate AND AUGDT > keydate
```

BUDAT నమోదు తేదీ, AUGDT పద్దు తీరిన తేదీ. పట్టికల పేర్లు డెవలపర్ రాసుకునే టెక్నికల్ పత్రంలో ఉంటే చాలని కొందరంటారు. ఇక్కడ మాత్రం ఈ రెండు వరుసలు వ్యాపార నియమమే, వీటి చోటు ఇదే.

తర్వాత వయసు. నమోదు తేదీ నుంచి లెక్కిస్తే మన ఇన్వాయిస్ వయసు 30 రోజులు. గడువు తేదీ మార్చి 31 నుంచి లెక్కిస్తే సున్నా, అంటే గడువు ఇంకా దాటలేదు. వసూలుకు ఫోన్ చేసేవారికి కావలసింది రెండోది. ఆ సంగతి వారినే అడిగి రాయాలి. ఆలస్యం సరిగ్గా 30 రోజులైతే ఏ గడిలోకి, 31 అయితే ఏ గడిలోకి వెళ్తుందో కూడా ఉదాహరణతో చూపాలి.

నేను ఎక్కువగా మెచ్చుకునేది జమల గురించి రాసే భాగాన్ని. ఈ పట్టికల్లో శాప్ మొత్తాలను గుర్తు లేకుండా దాస్తుంది. SHKZGలో H ఉంటేనే అది జమ అని తెలుస్తుంది. తీసివేయమని చెప్పకపోతే కస్టమర్ కట్టిన డబ్బు బాకీకే కలుస్తుంది. ఇక ఏ ఇన్వాయిస్‌కూ సర్దుబాటు కాని జమను పాత గడిలో తీసివేస్తే 90 రోజులు దాటిన బాకీ మాయమైనట్టు కనిపిస్తుంది. దానికి విడిగా ఒక నిలువు వరుస పెట్టమనడం తెలిసినవారి పని.

చివరి పేజీ పరీక్షలది. మన లక్ష ఇన్వాయిస్ ఏ గడిలో రావాలో అక్కడ ముందే రాసి ఉంటుంది. అదే తేదీకి FBL5N చూపే తీరని పద్దుల మొత్తంతో రిపోర్టు మొత్తం రూపాయి తేడా లేకుండా సరిపోవాలి. అడ్వాన్సులు వేరే ఖాతాలో ఉంటాయి కాబట్టి, వాటిని రెండు చోట్లా కలిపారా, వదిలేశారా అన్నదీ ఆ పేజీలోనే ఉండాలి.