ఏసీ అంటే ఎంత ముందు?

పక్కింటి పిన్నిగారికి ఈ మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకి ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. పూజగదిలోంచి లేచి గోడ పట్టుకుని నిలబడ్డారు. వాళ్లబ్బాయి వేలికి గుచ్చి చూస్తే షుగరు 58. నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి తాగించాడు. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 84. ఆ తర్వాతే ఇడ్లీ పెట్టారు.

మందుల చీటీ నాకు చూపించారు. కంప్యూటర్లో అచ్చయింది, ఒక్క అక్షరం కూడా అలుక్కుపోలేదు. మందు పేర్లు పెద్దక్షరాల్లో ఉన్నాయి. అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమని వైద్య మండలి 2016లోనే డాక్టర్లకు చెప్పింది కదా, ఆ మాట ఇక్కడ అక్షరాలా పాటించారు. మందులూ సరైనవే, మోతాదులూ సరైనవే. అయినా మనిషి పడిపోబోయింది. చీటీలు తెలుగులో ఉండాలని ఈ కాలమ్‌లో నేను ఎన్నిసార్లు పోట్లాడానో మీకు తెలుసు. ఈ వారమూ అదే రాద్దామని కూర్చున్నాను.

ఆ చీటీలో ఉన్నది ఇదీ. థైరాక్సిన్ 50, 1-0-0, ఏసీ. పాంటాప్రజోల్ 40, 1-0-0, ఏసీ. గ్లిమెపిరైడ్ 1, 1-0-0, ఏసీ. మెట్‌ఫార్మిన్ 500, 1-0-1, పీసీ. క్యాల్షియం 500, 1-0-1, పీసీ. మూడు అంకెల్లో మొదటిది పొద్దున, మధ్యది మధ్యాహ్నం, చివరిది రాత్రి. 1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇదే మాటను కొందరు బీడీ అని రాస్తారు. రోజుకి ఒకసారయితే ఓడీ, మూడుసార్లయితే టీడీఎస్, పడుకునేముందయితే హెచ్ఎస్. ఏసీ అంటే తినకముందు, పీసీ అంటే తిన్నాక. పిన్నిగారికి ఇవన్నీ తెలుసు. మందుల షాపు కుర్రాడు విడమరచి చెప్పాడట. ఏసీ అని ఉన్న మూడు మాత్రల్నీ ఒకచోట పెట్టుకుని, ఆరింటికి లేవగానే పరగడుపున మూడూ కలిపి వేసుకున్నారు. ఆవిడ స్నానం, పూజ అయ్యి టిఫిన్ తినేసరికి తొమ్మిది దాటుతుంది.

తినకముందు అన్న మాట ఆ మూడింటికీ ఒకటే, కాలం మాత్రం ఒకటి కాదు. థైరాక్సిన్‌కి ఖాళీ కడుపు కావాలి. తిండి, కాఫీ ఏదున్నా అది ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకే మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఇంకేమీ తీసుకోకూడదు. ఆరింటి మాత్ర సరైన పనే. పాంటాప్రజోల్ సంగతి వేరు. కడుపులో ఆమ్లం తయారుచేసే కణాలు తిండి పడగానే పనిలోకి దిగుతాయి, మందు పట్టుకోగలిగేది అలా పనిలో ఉన్నవాటినే. ఆ వేళకి మందు రక్తంలో ఉండాలి, కానీ అది రక్తంలో నిలిచేది కొద్ది గంటలే. కాబట్టి టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. ఆరింటికి వేసుకుంటే తొమ్మిదింటి ఇడ్లీ వేళకి అది తగ్గుముఖం పట్టి ఉంటుంది. ప్రమాదం లేదు, ప్రయోజనం తగ్గుతుంది. మంట తగ్గలేదని జనం మోతాదు పెంచమని అడగడానికి ఇదొక కారణం.

మూడోది గ్లిమెపిరైడ్. ఇది ఒంట్లో ఇన్సులిన్‌ని బలవంతంగా బయటికి తెప్పిస్తుంది, తిండి వచ్చినా రాకపోయినా. వేసుకున్న రెండు మూడు గంటలకి రక్తంలో అత్యధికంగా ఉంటుంది. ఆరింటికి వేసుకుంటే ఎనిమిదిన్నర సరిగ్గా ఆ వేళ. దానికి ఏసీ అంటే టిఫిన్ పళ్లెం ముందుకొచ్చాక, మొదటి ముద్దకి ముందు. అంతే.

ఇక పీసీ అని ఉన్న మెట్‌ఫార్మిన్ తిన్నాక వేసుకుంటే కడుపు తిప్పడం, విరేచనాలు తక్కువ. క్యాల్షియంలో మాత్రం ఇంకో చిక్కుంది. అది థైరాక్సిన్‌ని కడుపులోనే పట్టేసుకుంటుంది, రెండింటి మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. తొమ్మిదింటి టిఫిన్ తర్వాత వేసుకుంటే మూడే గంటలవుతుంది. డాక్టరు గారికి ఫోన్ చేస్తే క్యాల్షియంని 0-1-1కి మార్చారు. ఇప్పుడు పిన్నిగారి చీటీ వెనక ఆరు, ఎనిమిదిన్నర, తొమ్మిది, ఒంటిగంట, రాత్రి ఎనిమిదిన్నర అని గంటలు రాసి ఉన్నాయి.

ఆ గంటలు రాస్తుంటే మా ఊరి ఆస్పత్రి కాంపౌండరు గారు గుర్తొచ్చారు. మిక్స్చర్ సీసా మీద కాగితం పట్టీ అంటించేవారు, పట్టీ అంచున గంట్లు కత్తిరించి. ఒక గంటు ఒక మోతాదు. చదువు రానివాళ్లకి అదే లెక్క. సీసా చేతికిచ్చే ముందు ఆయన తప్పకుండా ఒక ప్రశ్న వేసేవారు: "చద్ది ఎన్నింటికి తింటావురా?" కూలివాళ్లలో కొందరు నాట్ల కాలంలో తెల్లారకముందే తినేసి పొలం వెళ్లేవారు, పగలు పన్నెండుకి గట్టు మీద తినేవారు, రాత్రి ఏడుకే పడుకునేవారు. మా వీధి బడిపంతులుగారు ఎనిమిదింటికి కాఫీ, పదింటికి భోజనం, సాయంత్రం పలహారం. మూడుపూటలంటే ఆ ఇద్దరికీ ఒకటే మూడుపూటలు కాదు. కాంపౌండరు గారు ఆ మనిషి రోజుని కనుక్కుని, "కుండ దించేముందు ఒక గంటు, గట్టు మీద తిన్నాక ఒక గంటు" అని చెప్పేవారు. తీగల్లా ఇన్ని మాత్రలు అల్లుకుపోయిన కాలం కాదది. ఆయన దగ్గర ఉన్నవి నాలుగైదు మిక్స్చర్లు, కొన్ని పొడులు. అయిదు మందుల చీటీ ఆయన చేతికిస్తే ఆయనా తడబడేవారేమో. ఆ ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న.

అందుకే ఈ వారం నా పాత వాదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. పిన్నిగారి చీటీ నిండా తెలుగులో, "భోజనానికి ముందు" అని ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నా ఆవిడ ఆరింటికే వేసుకునేవారు. భాష ఆమెకి అడ్డం రాలేదు. 1-0-1 తెలుగువాళ్లకీ ఒరియావాళ్లకీ అర్థమవుతుంది, అక్షరం రాని మనిషికి వేళ్ల మీద చూపించవచ్చు. అది ఉండనివ్వండి. దానికి పక్కన గడియారం కావాలి. డాక్టరు "మీరు టిఫిన్ ఎన్నింటికి తింటారు" అని అడిగి, ఏసీ పక్కన "30 నిమిషాలు" అనో "మొదటి ముద్దతో" అనో రాయాలి. అన్ని మందులకీ ఇది రాసే తీరిక లేదంటే, ఇన్సులిన్‌కీ షుగరు మాత్రకీ అయినా రాయమంటాను.

ఆ మూడంకెలు చెప్పలేనిది ఒకటుంది, వారం. విటమిన్ డి 60,000 గుళిక వారానికి ఒకటి, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒకరోజు. వీటికి 1-0-0 అని మాత్రమే ఉంటే రోజూ వేసుకునేవాళ్లుంటారు. మెథోట్రెక్సేట్ అలా రోజూ పడితే నోట్లో పుళ్లు లేస్తాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ఆ చీటీలో వారం పేరు, ఆదివారమనో బుధవారమనో, రాయించుకోకుండా కౌంటరు దగ్గరనుంచి కదలొద్దు.

పిన్నిగారు శనివారాలు ఒంటిపూట ఉంటారు, పొద్దున ఏమీ తినరు. మొదటి ముద్దే లేని రోజు గ్లిమెపిరైడ్ సంగతేమిటని అడిగితే చీటీలో జవాబు లేదు. రేపు డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాం. నేనూ వెంట వెళ్తున్నాను.