ఒకే తప్పు, ఇద్దరు పిల్లలు

బీఎడ్, డీఎడ్ సెమినార్లలో వైగోట్‌స్కీ పేరు రాగానే ‘సామీప్య వికాస మండలం అనగానేమి?’ అని అడుగుతారు. ఛాత్రోపాధ్యాయులు నిర్వచనం గడగడా అప్పజెబుతారు. తరగతి గదికి అది ఎందుకూ కొరగాదు. సెమినార్‌లో ప్రశ్నలు అడగాల్సింది పిల్లల నోట్‌బుక్‌ను ముందు పెట్టుకుని.

ఉదాహరణకు, మూడో తరగతిలో ఇద్దరు పిల్లలు 52 లోంచి 27 తీసేసి 35 అని రాశారనుకుందాం. సెమినార్‌లో మొదటి ప్రశ్న: ‘ఈ 35 ఎలా వచ్చింది?’ ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారు. 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3. అంటే ఇది పరధ్యానం కాదు, వాళ్లు నమ్మిన పద్ధతి.

రెండో ప్రశ్న: ‘ఎంత సాయం చేస్తే ఎవరు దిద్దుకుంటారు?’ ‘రెండులోంచి ఏడు పోతుందా?’ అనగానే ఒక పాప ఆగి, పదుల నుంచి అప్పు తెచ్చుకుని 25 అని రాసింది. రెండో పిల్లవాడికి ఆ మాట చాల్లేదు. పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి, ఒక కట్ట విప్పించాల్సి వచ్చింది. విడివి పన్నెండయ్యాక ఏడు తీశాడు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి రెండు తీశాడు. పరీక్షలో ఇద్దరికీ సున్నాయే. వైగోట్‌స్కీ చెప్పిందీ ఇలాంటి తేడానే. ఒంటరిగా ఎనిమిదేళ్ల స్థాయి లెక్కలు చేసే ఇద్దరు పదేళ్ల పిల్లల్లో, సాయం అందితే ఒకరు తొమ్మిదేళ్ల స్థాయికి, ఇంకొకరు పన్నెండేళ్ల స్థాయికి చేరవచ్చని ఆయన ఉదాహరణ.

చాలా సెమినార్లు దాటేసే ప్రశ్న మూడోది: ‘సాయం తీసేశాక ఏమైంది?’ పుల్లలు పక్కన పెట్టి 64 లోంచి 38 తీయమనాలి. 26 వస్తే నేర్చుకున్నట్టు. 34 వచ్చిందంటే పాత పద్ధతి అలాగే ఉంది. ఇందాకటి సరైన జవాబు పుల్లలది, టీచర్ మాటది. అప్పుడు కట్టలు విప్పుతూనే పక్కన అంకెలు రాయించాలి.

ఇక్కడే ఎవరో ఒకరు లేచి, ‘నా క్లాసులో నలభై మంది సార్’ అంటారు. న్యాయమైన ప్రశ్న. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ చెక్కదిమ్మలతో పిరమిడ్ కట్టించిన అధ్యయనంలో ఒక్కో పిల్లవాడికీ విడిగా నేర్పారు. బడిలో అది కుదరదు. తప్పుల్ని బట్టి గుంపులు చేసి, ఇలా 35 రాసినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం మాత్రం కుదురుతుంది.

సెమినార్ నడిపే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: వచ్చే వారం పవర్‌పాయింట్ బదులు, ఛాత్రోపాధ్యాయులను తమ టీచింగ్ ప్రాక్టీస్ బడి నుంచి పిల్లలు తప్పుగా చేసిన లెక్క ఒకటి కాపీ చేసుకు రమ్మనండి.