ఖాళీ గడి ఉన్న కొటేషన్

వెండి ఫిలిగ్రీ వస్తువులకు కొటేషన్ రాసేవారికి కష్టమంతా అడిగినవారు చెప్పని వివరాలతోనే. కరీంనగర్‌లో వెండి తీగను సన్నగా లాగి, మెలిపెట్టి, అతికి బొమ్మలు చేసే పనివారికి ఇలాంటి ఉత్తరం వచ్చిందనుకుందాం: "మా వార్షికోత్సవానికి నెమలి మెమెంటోలు 25 కావాలి, కొటేషన్ పంపగలరు." ఎత్తెంతో, బరువెంతో, వెండి ఎవరిదో, బిల్లు ఏ ఊరికో అందులో లేదు. అయినా సాయంత్రానికల్లా ధర చెప్పాలి.

ముందు తేల్చాల్సింది వస్తువు పేరు. 'నెమలి మెమెంటో' అంటే పోత పోసిన నెమలి కూడా కావచ్చు, దాని ధర వేరు. కాబట్టి 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిని దాని పేరుతోనే, "చేత్తో అల్లిన వెండి ఫిలిగ్రీ నెమలి" అని రాయాలి. చెక్క పీఠం, అద్దాల పెట్టె ఉంటే వాటికి వేరే వరుస ఇవ్వాలి. లేకపోతే పీఠంతో కలిపి కాటా మీద పెట్టిన బరువంతా వెండేనని కొనేవారు అనుకుంటారు. బట్వాడా రోజున వచ్చే గొడవలకు మూలం చాలాసార్లు ఇదే.

తర్వాత పరిమాణం. ఉత్తరంలో 25 అని ఉంది కదా, పరిమాణం తెలిసినట్టే అనిపిస్తుంది. కానీ వెండికి ధర గ్రాముల్లో కడతారు, కాబట్టి తెలియాల్సింది బరువు. అదీ పని పూర్తయ్యాకే కచ్చితంగా తెలుస్తుంది. ఒకే నమూనా మీద చేసినా చేతిపనిలో ఒక బొమ్మ మరోదానికన్నా ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ తూగుతుంది. అందుకే "ఒక్కోటి సుమారు 40 గ్రాములు, బిల్లు అసలు తూకం ప్రకారం" అని రాయడమే నిజాయితీ. ఆ సుమారు కూడా గాల్లోంచి రాకూడదు, ఇదివరకు చేసిన అదే ఎత్తు బొమ్మను తూచి రాయాలి. అలాంటి బొమ్మ లేకపోతే గడిని ఖాళీగా వదిలి "నమూనా ఒప్పుకున్నాక" అని పక్కన రాయవచ్చు.

ధరను ఒకే అంకెగా చెప్పేస్తే పనివారికే నష్టం. లెక్క సులువు కోసం వెండి గ్రాము 100 రూపాయలు, తరుగుతో కలిపి మజూరీ గ్రాముకు 50 రూపాయలు అనుకుందాం. 40 గ్రాముల నెమలికి 6,000, పాతికకు 1,50,000. పన్ను 3 శాతం, అంటే 4,500 కలిపితే 1,54,500. ఆర్డర్ ఖాయమయ్యేలోగా వెండి గ్రాముకు పది రూపాయలే పెరిగినా, పన్నుతో సహా మొత్తం 10,300 పెరుగుతుంది. "ఒక్కోటి 6,000" అని మాత్రమే రాసి ఇచ్చిన పనివారు ఆ సొమ్మును తమ మజూరీలోంచి భరించాలి. వెండి ధర, మజూరీ విడివిడిగా చూపి, వెండిది ఏ రోజు ధరో, కొటేషన్ ఎన్ని రోజులు చెల్లుతుందో రాస్తే కొనేవారికీ లెక్క అర్థమవుతుంది:

"వెండి: అడ్వాన్స్ అందిన రోజు ధర. మజూరీ: గ్రాముకు 50, మారదు. పన్ను అదనం. ఈ కొటేషన్ 7 రోజులు."

ఈ నాలుగు మాటలుంటే మొత్తం గడి ఖాళీగా ఉన్నా కొటేషన్ పనికొస్తుంది. ఇవి లేకుండా మొత్తం ఒక్కటే నింపితే అది ఊహ. దాన్నే మాటగా పట్టుకుని నిలదీస్తారు.

పన్ను గడి నింపడానికి రెండు ప్రశ్నలు అడగాలి. సరుకు ఏ ఊరికి చేరాలి? ఆదిలాబాద్‌కైతే అదే 3 శాతం కేంద్ర, రాష్ట్ర జీఎస్టీలుగా ఒకటిన్నర చొప్పున చీలుతుంది. సరిహద్దు దాటి చంద్రపూర్ వెళ్తే ఐజీఎస్టీగా ఒకే వరుసలో వస్తుంది. కొనేవారి జీఎస్టీ నంబరు తీసుకుంటే మొదటి రెండంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: తెలంగాణకు 36, మహారాష్ట్రకు 27. రెండో ప్రశ్న, వెండి ఎవరిది? కొనేవారే వెండి ఇచ్చి పని చేయించుకుంటే అది సరుకు అమ్మకం కాదు, సేవ. పన్ను మజూరీ మీదే పడుతుంది, రేటూ వేరు. ఇక జీఎస్టీలో నమోదు కాని పనివారు పన్ను వరుసే పెట్టకూడదు, వసూలు చేసే హక్కు వారికి లేదు.

ఇన్‌వాయిస్‌లో గడిని ఖాళీగా వదిలే వెసులుబాటు ఉండదు. వస్తువు వివరం, హెచ్ఎస్ఎన్ కోడ్, పరిమాణం, విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం అన్నీ నిండాలని జీఎస్టీ నిబంధన 46 చెబుతుంది. సరుకు కదిలేలోపే ఇది తయారు కావాలి. కాబట్టి పెట్టెలు కట్టకముందే పాతిక నెమళ్లనూ పీఠాలు తీసి తూచి, తూకం రాసుకోవాలి. ఈలోగా అడ్వాన్స్ కోసం కాగితం అడిగితే ప్రొఫార్మా ఇస్తే చాలు. తొందరపడి 40 గ్రాముల లెక్కన అసలు ఇన్‌వాయిస్ ఇచ్చేశాక తూకం 38 తేలితే, తేడాకు క్రెడిట్ నోట్ రాయాలి. 42 తేలితే డెబిట్ నోట్ రాయాలి.