బిల్లు వేసింది ఇంత, బ్యాంకులో పడింది ఇంతే

ఏప్రిల్ మొదటి వారం వచ్చిందంటే నాకు వచ్చే మెయిళ్లలో చాలావాటి సారం ఒకటే. బిల్లులు ఇంత వేశాను, బ్యాంకులో ఇంతే పడింది, మిగతాదేమైంది? అడిగేవాళ్లు మర్యాదగానే అడుగుతారు. కానీ ఆ మర్యాద వెనక రెండు అనుమానాలుంటాయి. కస్టమరు ఎగ్గొట్టాడేమో అన్నది ఒకటి, మీరే లెక్క తప్పు రాశారేమో అన్నది రెండోది. అందుకే ‘టీడీఎస్ పోతుంది కదండీ’ అని ఒక్క ముక్కలో తేల్చేసే జవాబు నాకు నచ్చదు. అది అబద్ధం కాదు, చాలీచాలని నిజం.

విజయవాడలో ఇంటీరియర్ డిజైన్ పని చేసే ఒకావిడ లెక్కే తీసుకుందాం. ఆవిడ ఆదాయానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ ఆవిడ కస్టమర్లంతా కంపెనీలు, వాళ్లకు జీఎస్టీ బిల్లు కావాలి కాబట్టి తనంతట తానే తీసుకున్నారు. 2024-25లో వేసిన బిల్లులు పన్ను కాక రూ.12 లక్షలు, 18 శాతం జీఎస్టీతో కలిపి రూ.14,16,000. అదే ఏడాది బ్యాంకులో కస్టమర్ల నుంచి పడింది రూ.11,62,800. తేడా రూ.2,53,200. ‘రెండున్నర లక్షలు ఎక్కడికి పోయాయండీ?’ అని రాశారు.

ఇలాంటప్పుడు మొత్తాన్ని మొత్తంతో పోల్చి చూస్తే ఏమీ తేలదు. పన్నెండు లక్షల మీద పది శాతం టీడీఎస్ అంటే రూ.1,20,000 అనుకుని, మిగిలిన లక్షా ముప్పై మూడు వేలనూ ‘రావాల్సినవి’ అనే పద్దులోకి తోసేస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది. సరిపోయింది కదా అని అక్కడ ఆగిపోవడమే ప్రమాదం. ఒక్కో బిల్లు నంబరునూ బ్యాంకు స్టేట్‌మెంటులో ఒక్కో జమతో జత కలిపితే తప్ప అసలు సంగతి బయటపడదు. జత దొరకని బిల్లులు ఒక పక్క, జత దొరకని జమలు ఒక పక్క. అలా కలిపి చూశాక ఆవిడకు ఇలా రాశాను:

“నమస్తే అండీ. తేడా రూ.2,53,200 లెక్క ఇది. మీ తరఫున ప్రభుత్వానికి జమయ్యేది రూ.1,06,600. ఇది టీడీఎస్, మీ ఆదాయపన్నులో తగ్గుతుంది. ఇంకా రావాల్సినది మార్చి బిల్లు ఒక్కటే, రూ.1,77,000. ఇక ఎప్పటికీ రానిది రూ.23,600. డిసెంబరు బిల్లులో మీరే ఒప్పుకుని తగ్గించి, క్రెడిట్ నోట్ ఇచ్చిన మొత్తం అది. ఈ మూడూ కలిపితే రూ.3,07,200 అవుతుంది, తేడా కన్నా ఎక్కువ. ఎందుకంటే నిరుడు మార్చిలో వేసిన రూ.59,000 బిల్లుకు, టీడీఎస్ పోను రూ.54,000 ఈ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్లో పడింది. అది ఈ ఏడాది జమే గానీ ఈ ఏడాది బిల్లు కాదు. దాన్ని తీసేస్తే రూ.2,53,200.”

మెయిల్లో ఈ వరస కావాలనే పెట్టాను. చదివేవాళ్లకు సెక్షన్ల నంబర్లు అక్కర్లేదు. డబ్బు ఎవరి దగ్గరుంది, తిరిగొస్తుందా రాదా అన్నది కావాలి. సెక్షన్లు కింద, అడిగినవాళ్ల కోసం. నిరుటి జమ సంగతి రాయకుండా వదిలేసే అకౌంటెంట్లు చాలామంది. అది తేడాను తగ్గించి చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ యాభై నాలుగు వేలను ఈ ఏడాది బిల్లుల ఖాతాలో వేసుకుంటే, మార్చి బిల్లులో కొంత వచ్చేసినట్టు కనబడుతుంది. అప్పుడు కస్టమరును అడగాల్సిన దానికన్నా తక్కువ అడుగుతాం.

ఇక టీడీఎస్. డబ్బు వచ్చిన బిల్లుల విలువ, జీఎస్టీ కాక, రూ.10,30,000. సెక్షన్ 194జే ప్రకారం పది శాతమంటే రూ.1,03,000 పోవాలి. పోయింది రూ.1,06,600. ఆ మూడు వేల ఆరు వందలు ఎక్కడివో చూస్తే, ఒక కంపెనీ రెండు లక్షల బిల్లుకు ముప్పై ఆరు వేల జీఎస్టీ కలిపి, ఆ మొత్తం మీద పది శాతం కోసింది. ఇరవై వేలకు బదులు రూ.23,600. బిల్లులో జీఎస్టీ విడిగా చూపించి ఉంటే దాని మీద టీడీఎస్ కోయక్కర్లేదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 జులైలోనే సర్క్యులర్ ఇచ్చింది. అయినా కోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దీన్ని పట్టుకోవడం సులువు. కోసిన మొత్తాన్ని పన్ను లేని విలువతో భాగిస్తే పదికి బదులు 11.8 శాతం వస్తుంది. ఆ అంకె కనిపించిందంటే జరిగింది ఇదే.

ఆ కంపెనీ మీద ఎగిరిపడాల్సిన పని లేదు. కోసిన డబ్బు ఆవిడ పాన్ మీదే జమవుతుంది కాబట్టి రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటుంది, మిగిలితే రిఫండు వస్తుంది. కాకపోతే నిజంగా జమ చేశారో లేదో 26ఏఎస్‌లో చూసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా కోసిన వాటికి కంపెనీలు రిటర్న్ వేసే గడువు మే 31. కాబట్టి ఏప్రిల్లో తెరిచి చూసి ‘కనబడట్లేదు’ అని కంగారు పడి లాభం లేదు.

జూన్‌లో తెరిస్తే ఇంకో చిక్కు. అక్కడ రూ.1,06,600 కాక రూ.1,21,600 కనబడవచ్చు. టీడీఎస్ కోయాల్సింది డబ్బు చెల్లించినప్పుడు మాత్రమే కాదు, చెల్లించినప్పుడో పుస్తకాల్లో రాసుకున్నప్పుడో, ఏది ముందైతే అప్పుడు. మార్చి బిల్లును కస్టమరు మార్చి 31న ఖాతాలో రాసుకుని ఉంటే, లక్షన్నర మీద పదిహేను వేలు అప్పుడే కోసి, ఏప్రిల్ 30 లోగా కట్టేస్తాడు. ఆవిడకు ఒక్క రూపాయి చేరకముందే పన్ను జమ! అందుకే మార్చి బిల్లు మీద చేతికి రావాల్సింది రూ.1,77,000 కాదు, రూ.1,62,000. ఈ ముక్క మెయిల్ చివర విడిగా రాశాను. లేకపోతే డబ్బు వచ్చిన రోజున మళ్లీ ‘పదిహేను వేలు తక్కువ పడ్డాయి’ అని ఫోనొస్తుంది.

ఆ మెయిల్లో ఆవిడకు మింగుడుపడనిది మాత్రం వేరే ఉంది. మార్చి బిల్లులో జీఎస్టీ రూ.27,000. కస్టమరు ఇచ్చినా ఇవ్వకపోయినా, నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు జీఎస్టీఆర్-3బీతో పాటు దాన్ని ఏప్రిల్ 20 లోగా తేల్చాలి. ఇన్‌పుట్ క్రెడిట్ ఉన్నంత మేరకు సర్దుకుని, మిగతాది జేబులోంచి కట్టాల్సిందే. ‘రాని డబ్బుకు పన్నేమిటండీ’ అన్నారు. నిజమే, సేవలు అందించే చిన్నవాళ్లకు ఇది అన్యాయంగానే ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ బిల్లు వేశాక తప్పదు. క్రెడిట్ నోట్ ఇచ్చిన బిల్లు మీద మాత్రం రూ.3,600 జీఎస్టీ తగ్గుతుంది. అది రిటర్న్‌లో చూపించారో లేదో ఆ పూటే సరిచూశాను.

ఇక మిగిలింది ఆ రూ.1,62,000 రాబట్టడం. దానికి ఆవిడ దగ్గర ఒక ఆయుధం ఉంది, వాడుకోవట్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థలకు కంపెనీలు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటించి, ఏడాది ముగిసేలోగా కూడా ఇవ్వకపోతే ఆ ఖర్చును వాళ్లు ఆ ఏడాది ఆదాయంలోంచి తగ్గించుకోలేరు, డబ్బు ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. సెక్షన్ 43బీలో ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. కంపెనీల అకౌంట్స్ వాళ్లకు ఇది బాగా తెలుసు. ఎవరిది ఉద్యమ్ సంస్థో తెలియడానికి బిల్లు మీద ఆ నంబరు వెతుకుతారు. ఆవిడకు రిజిస్ట్రేషన్ ఉంది, బిల్లు మీద నంబరు లేదు. ఏప్రిల్ మొదటి బిల్లు నుంచి వేయమని, మార్చి బిల్లు గురించి గుర్తుచేసే ఉత్తరంలోనూ రాయమని మెయిల్ ఆఖరి లైనులో చెప్పాను.