మైక్రోమీటరు ముందు తెలుగు చెక్‌లిస్టు

‘కొలత పరికరాలకు కాలిబ్రేషన్ చేయిస్తున్నారా? అవును / కాదు.’

మెషిన్ షాపుల కోసం తెలుగులోకి దించిన ఆడిట్ చెక్‌లిస్టుల్లో ఇలాంటి ప్రశ్న తరచూ కనిపిస్తుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. ఆపరేటరుకు వెంటనే అర్థమవుతుంది. జవాబు కూడా అర నిమిషంలో వచ్చేస్తుంది. అయితే దీని పక్కన వేసిన క్లాజు నంబరు, ఐఎస్ఓ 9001:2015లోని 7.1.5.2, అడిగేది ఇది కాదు. ఆ క్లాజు ఒక షరతుతో మొదలవుతుంది, పరికరం విషయంలో మూడు పనులు చెబుతుంది, చివర ఒక విచారణ కోరుతుంది. పై ప్రశ్నలో మిగిలింది ఆ మూడు పనుల్లో మొదటిదాని సగమే.

తెలుగు చెక్‌లిస్టు అవసరమేనా అని అడిగేవాళ్లున్నారు. 9.2 క్లాజు ప్రకారం అంతర్గత ఆడిట్ సంస్థే చేసుకోవాలి. బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఉన్న చిన్న యూనిట్‌లో ఆ పని పడేది షిఫ్ట్ సూపర్‌వైజరు మీద, ఐటీఐ చదివి వచ్చిన ఇన్‌స్పెక్టరు మీద. పనిలో వాళ్లకు లోటు లేదు. ఇంగ్లిష్ క్లాజు వాక్యం మాత్రం అడ్డం పడుతుంది, అప్పుడు టిక్కులు చదవకుండానే పడతాయి. కాబట్టి తెలుగు కావాలి. ఐఎస్ఓ అధికార భాషలు ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్ మాత్రమే. అందువల్ల కంపెనీలో ఎవరో ఒకరు కూర్చుని తెలుగు చేయాల్సిందే. ఆ చేసేవారికి పనికొచ్చేలా ఈ ఒక్క క్లాజునే పట్టుకుని చూద్దాం.

ముందు షరతు. ప్రతి కొలత పరికరానికీ కాలిబ్రేషన్ కావాలని క్లాజు అనదు. కొలతను జాతీయ లేదా అంతర్జాతీయ ప్రమాణం దాకా వరుసగా ముడిపెట్టి చూపగలగడాన్ని ట్రేసబిలిటీ అంటారు. అది ఎక్కడైనా విధిగా ఉన్నప్పుడు, లేదా కొలతలు నమ్మదగినవని చెప్పడానికి అది ముఖ్యమని సంస్థే భావించినప్పుడు, ఆ పరికరాలకే మిగతా క్లాజు వర్తిస్తుంది. అనువాదంలో ఈ షరతు ఎగిరిపోతే ఏమవుతుంది? స్టోర్సులో రాడ్లు ఉజ్జాయింపుగా కొలిచే టేపుకు కూడా సర్టిఫికెట్ ఎక్కడని ఆడిటరు అడుగుతాడు, లేదనగానే నాన్‌కన్ఫార్మిటీ రాస్తాడు. స్టాండర్డ్ పెట్టని బరువును మన తెలుగు పెట్టినట్టవుతుంది. చెక్‌లిస్టులు క్లాజును పలచన చేస్తాయని అందరూ అంటారు. బరువు పెంచడం కూడా అంతే పొరపాటు, పైగా దాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అది శ్రద్ధలా కనిపిస్తుంది.

తర్వాత మూడు పనులు. పరికరాన్ని నిర్ణీత వ్యవధుల్లో గానీ, వాడే ముందు గానీ కాలిబ్రేట్ చేయాలి, లేదా వెరిఫై చేయాలి, లేదా రెండూ చేయాలి. అది జాతీయ లేదా అంతర్జాతీయ ప్రమాణాలతో ముడిపడిన కొలత ప్రమాణంతో పోల్చి జరగాలి. దాని కాలిబ్రేషన్ స్థితి తెలిసేలా గుర్తు ఉండాలి. ఆ స్థితిని, తర్వాత తీసే కొలతలను చెల్లకుండా చేసే సవరింపుల నుంచి, దెబ్బల నుంచి, అరుగుదల నుంచి కాపాడాలి. ఇక్కడ ‘లేదా రెండూ’ అన్న చిన్న ముక్కను అనువాదకులు అనవసరమనుకుని వదిలేస్తారు. ‘నిర్ణీత వ్యవధుల్లో’ అన్నచోట ‘ఏడాదికొకసారి’ అని రాసేస్తారు. వ్యవధిని నిర్ణయించుకోవాల్సింది సంస్థ. రోజూ మూడు షిఫ్టులు తిరిగే వెర్నియర్‌కు ఆరు నెలలు పెట్టుకోవచ్చు, ఎప్పుడో తీసేదానికి ‘వాడే ముందు’ అన్నదే చాలు. మన దేశంలో జాతీయ కొలత ప్రమాణాలు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దగ్గర ఉంటాయి, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుల సర్టిఫికెట్ల ద్వారా ఆ ముడి షాపు దాకా వస్తుంది. కానీ ఎన్ఏబీఎల్ అన్న పేరు క్లాజులో లేదు. క్లాజు వాక్యం రాసే గడిలో దాన్ని చేర్చకూడదు. ఆడిటరు ఏం చూడవచ్చో చెప్పే గడిలో అయితే రాయవచ్చు.

తెలుగు వల్లనే వచ్చే చిక్కు కూడా ఈ క్లాజులోనే ఉంది. ఐఎస్ఓ స్టాండర్డును ప్రమాణం అంటాం, కొలతను సరిచూసే మాస్టరునూ ప్రమాణమే అంటాం. రెండూ ఒకే పేరాలో వస్తే ఏది దేన్ని అంటున్నదో తెలియదు. మొదటిదాన్ని స్టాండర్డు అనే వదిలేసి, రెండోదానికి ‘కొలత ప్రమాణం’ అని కేటాయిస్తే తగవు తీరుతుంది. అలాగే పోల్చడానికి జాతీయ, అంతర్జాతీయ ప్రమాణమేదీ లేనప్పుడు, దేన్ని బట్టి కాలిబ్రేట్ చేశారో దాన్ని నమోదు చేసి భద్రపరచాలని క్లాజు అంటుంది. ఆ ‘దేన్ని బట్టి’కి ఆధారం అన్న మాట వాడితే, ఆడిట్‌లో చూపాల్సిన ఆధారంతో కలిసిపోతుంది. ఆడిటరుకు చూపేది ‘ఆధారం’, కాలిబ్రేషన్‌కు పునాది ‘ప్రాతిపదిక’ అని మొదటి రోజే పట్టిక రాసుకుని, నూటయాభై ప్రశ్నలున్నా చివరిదాకా దాన్ని తప్పకూడదు. అందం కోసం మాట మార్చి మాట రాయడం కథలో బాగుంటుంది, ఇక్కడ మాట మారితే వేరే విషయమనుకుంటారు.

క్రియల సంగతీ అంతే. నెరవేర్చి తీరాల్సినవన్నీ ‘…ాలి’తో ముగియాలి. సలహా అయితే ‘చేయడం మంచిది’, అనుమతి అయితే ‘చేయవచ్చు’. అక్కడక్కడ ఊపు కోసం ‘తప్పనిసరిగా’ చేర్చే అలవాటు మనకుంది. ఐదో ప్రశ్నలో ‘తప్పనిసరిగా భద్రపరచాలి’, ఆరో ప్రశ్నలో ఒట్టి ‘భద్రపరచాలి’ అని ఉంటే, ఆరోది అంత ముఖ్యం కాదని చదివేవాడు అనుకోవడంలో తప్పేముంది?

కాగితాల గురించి చెప్పేటప్పుడు స్టాండర్డు రెండు క్రియలు వాడుతుంది. రెండింటినీ ‘నిర్వహించాలి’ అనేస్తే అసలు తేడా పోతుంది. వర్క్ ఇన్‌స్ట్రక్షన్ లాంటిది మారుతూ ఉంటుంది, దాన్ని ‘తాజాగా ఉంచాలి’. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ జరిగిపోయిన పనికి రికార్డు, దాన్ని మార్చకుండా ‘భద్రపరచాలి’. మొదటిదాని దగ్గర ఆడిటరు ఇది ఇప్పటి రివిజనేనా అని చూస్తాడు. రెండోదాని దగ్గర దిద్దుబాటు ఏమైనా జరిగిందా అని చూస్తాడు. క్రియ తప్పితే ఆడిటరు చూపు తప్పుతుంది.

ఇక చివర ఉన్న విచారణ. తెలుగు చెక్‌లిస్టుల్లో ఇది సాధారణంగా ‘పరికరం పాడైతే ఏం చేస్తారు?’ అని కనిపిస్తుంది. జవాబు సిద్ధం: ‘పక్కన పెట్టి బాగు చేయిస్తాం సార్.’ టిక్కు పడుతుంది. క్లాజు అడుగుతున్నది పరికరం గురించి కాదు, దానితో అప్పటికే కొలిచి పంపేసిన ముక్కల గురించి. నేనైతే ఇలా రాస్తాను: ‘వాడదలచిన పనికి పరికరం పనికిరాదని తేలినప్పుడు, అంతకుముందు దానితో తీసిన కొలతల చెల్లుబాటు దెబ్బతిన్నదా అన్నది సంస్థ నిర్ణయించాలి, అవసరాన్ని బట్టి తగిన చర్య తీసుకోవాలి.’

ఒక ఉదాహరణ వేసి చూస్తే తేడా తెలుస్తుంది. షాఫ్టు వ్యాసం 20 మి.మీ., అటూ ఇటూ 0.02 మి.మీ. దాకా చెల్లుతుంది అనుకుందాం. అంటే 19.98 నుంచి 20.02 వరకు పాస్. స్లిప్ గేజితో సరిచూసినప్పుడు మైక్రోమీటరు 0.03 మి.మీ. ఎక్కువ చూపిస్తోందని తేలింది. అప్పుడు 20.00 అని రాసుకున్న షాఫ్టు నిజానికి 19.97. పాస్ అయి వెళ్లిపోయింది కానీ సన్నం. రిజిస్టరులో పాసైనవాటిలో 20.01 కంటే తక్కువ ఉన్నవన్నీ ఇలాంటివే. మరోవైపు 20.05 వచ్చిందని రిజెక్టులో పడేసిన ముక్క అసలు కొలత 20.02, అది మంచిది. మైక్రోమీటరును బాగు చేయించినంత మాత్రాన ఇవేవీ తిరిగి రావు. కిందటిసారి సరిగా ఉందని తేలిన తేదీ నుంచి ఈ రోజు దాకా దానితో ఏ లాట్లు కొలిచారు, అవి ఎక్కడున్నాయి, కస్టమరుకు చెప్పాలా అన్నది చూడాలి. ఆడిటరు ప్రశ్న అటు తిరగాలి: ‘ఈ మైక్రోమీటరు తప్పు చూపిస్తోందని తెలిసిన రోజు, అంతకుముందు లాట్ల విషయం ఎవరు, ఏం తేల్చారో చూపించండి.’

ఆధారాల గడిలోనే ఎక్కువ అపచారం జరుగుతుంది. ‘కాలిబ్రేషన్ రిజిస్టరు ఉందా?’ అని రాస్తారు. ఈ క్లాజు ఎక్కడా రిజిస్టరు అడగలేదు. కొలత వనరులు పనికి తగినవని చూపే నమోదిత సమాచారాన్ని భద్రపరచాలని దీని ముందున్న 7.1.5.1 అంటుంది, అది సర్టిఫికెట్ల ఫైలు కావచ్చు, కంప్యూటరులో పట్టిక కావచ్చు. రిజిస్టరు పెట్టాలని కంపెనీ సొంత ప్రొసీజరులో ఉంటే అప్పుడు రిజిస్టరు లేకపోవడం తప్పే, కానీ ఆ తప్పు ప్రొసీజరు నంబరు మీద రాయాలి. అందుకని గడిని మూడుగా చీల్చడం మేలు: క్లాజు భద్రపరచమన్నది, మా ప్రొసీజరు అడిగింది, ఆడిటరు చూడదగినవి. మూడో గడిలో ఉన్నదేదీ లేదన్న కారణంతో నాన్‌కన్ఫార్మిటీ రాయకూడదని పేజీ మీదే అచ్చు వేయాలి. లాట్ల విచారణకు ఈ క్లాజు ప్రత్యేకంగా రికార్డు కోరలేదు కాబట్టి, ఇన్‌స్పెక్షన్ షీట్లు, తిరిగి కొలిచిన ముక్కలు, చేసిన వ్యక్తి చెప్పిన మాట, వీటిలో నిర్ధారించుకోగలిగినది ఏదైనా ఆధారమే. అయితే ఆ లాట్లలో తప్పు సరుకు తేలితే 8.7 వస్తుంది, దానికి రికార్డు ఉండి తీరాలి.

అనువాదం అయ్యాక రెండు పరీక్షలు. మూలం చూడని మనిషి చేత తెలుగును తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయించి, షరతులు, ‘లేదా’లు, ‘అవసరాన్ని బట్టి’ లాంటివి మూలంతో ఒక్కొక్కటిగా పోల్చాలి. రాలిపోయినవి, కొత్తగా చేరినవి ఇక్కడ బయటపడతాయి. అయితే మూలానికి అచ్చు గుద్దినట్టుండి, ఎవరికీ అర్థం కాని తెలుగు కూడా ఈ పరీక్ష పాసవుతుంది. దానికి రెండోది: షాపులో ఆపరేటరు దగ్గరికి వెళ్లి, ‘అన్నా, ఇది ఏం అడుగుతుందో నీ మాటల్లో చెప్పు’ అనాలి. ఆయన ‘పాత లాట్లు ఏమైనయో చూడమంటుంది’ అంటే వాక్యం నిలిచినట్టు. ‘మైక్రోమీటరు రిపేరు చేయించమంటుంది’ అంటే మళ్లీ రాయాలి.

స్టాండర్డు పాఠానికి కాపీరైటు ఉంది, కాబట్టి క్లాజుల అనువాదాన్ని బయట పంచే ముందు అనుమతి సంగతి చూసుకోవాలి. 2024లో వాతావరణ మార్పు గురించి 4.1, 4.2 క్లాజులకు సవరణ వచ్చింది. 2015 పాఠం చూసి తయారుచేసిన తెలుగు షీట్లలో అది ఉండదు. మీ షీటు తీసి చూడండి. ఏ ఎడిషన్, ఏ సవరణ దాకా అనువదించారో, తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుందని ప్రతి పేజీ కింద రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే తర్వాతి ఆడిట్‌కు ముందే రాయించండి.