ఒకే ప్రోనోటు, రెండు తీర్పులు

ఐదు లక్షల ప్రోనోటు. అప్పిచ్చిన ఆసామి సివిల్ కోర్టులో దావా వేశాడు. ‘ఆ సంతకం నాది కాదు’ అని అవతలివాడు జవాబు ఇచ్చాడు. అంతటితో ఆగకుండా, ఫోర్జరీ చేశారంటూ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు కూడా చేశాడు. కొన్నేళ్లకు సివిల్ కోర్టు దావాను కొట్టేసింది. ఆ తర్వాత క్రిమినల్ కోర్టు అప్పిచ్చినతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. ఊళ్లో అందరిదీ ఒకటే ప్రశ్న: సంతకం దొంగదైతే ఇతను నిర్దోషి ఎలా అయ్యాడు? అసలుదైతే డబ్బెందుకు రాలేదు?

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ప్రోనోటు దావాలు నడిచే ఏ కోర్టులోనైనా ఇలా జరగవచ్చు. రెండు తీర్పులూ సరైనవే కావచ్చు కూడా. ఎందుకంటే రెండు కోర్టులూ అడిగిన ప్రశ్నలు వేరు, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన మనుషులు వేరు.

సివిల్ కోర్టులో మొదటి బరువు వాదిది, అంటే డబ్బు రావాలని అడిగినవాడిది. ప్రోనోటు మీది సంతకం ప్రతివాదిదేనని అతనే రుజువు చేయాలి. చట్ట ప్రకారం ప్రోనోటుకు సాక్షులు తప్పనిసరి కాదు. అయినా సంతకం కాదన్న రోజున నోటు రాసిన దస్తూరీదారు, పక్కన కూర్చుని సంతకం చేసిన సాక్షి ఇద్దరే దిక్కు. వాళ్లు బోనులో తడబడితే సంతకాన్ని నిపుణుడి పరిశీలనకు పంపమని అడుగుతారు. అక్కడ ఇంకో చిక్కు ఉంది. పోల్చి చూడటానికి ప్రోనోటు రాసిన కాలంనాటి సంతకం కావాలి. బ్యాంకు కాగితాలో, రిజిస్ట్రేషన్ దస్తావేజో దొరకాలి. గొడవ మొదలయ్యాక వకాల్తా మీద పెట్టిన సంతకాన్ని నమ్మడం కష్టం, కావాలని మార్చి చేసి ఉండవచ్చు.

సంతకం రుజువైతే మాత్రం బరువు చేతులు మారుతుంది. సంతకం ఉన్న ప్రోనోటు వెనక సొమ్ము చేతులు మారిందనే కోర్టు అనుకోవాలని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 118వ సెక్షన్ చెబుతోంది. ‘ఖాళీ నోటు మీద సంతకం చేయించుకున్నారు, డబ్బు ఇవ్వలేదు’ అనే మాటను అప్పుడు ప్రతివాదే నిలబెట్టుకోవాలి. ఇద్దరిలో ఎవరి కథ ఎక్కువ నమ్మదగినదో కోర్టు చూస్తుంది. త్రాసు ఒక పక్కకు కాస్త ఒరిగినా చాలు. మన ఉదాహరణలో అది ఒరగలేదు. వాది సంతకాన్ని రుజువు చేయలేకపోయాడు కాబట్టి దావా పోయింది. అంతమాత్రాన సంతకం దొంగదని తేలినట్టు కాదు.

ఫోర్జరీ కేసులో బరువంతా ప్రాసిక్యూషన్‌దే. సంతకం దొంగదని చూపితే సరిపోదు. ఆ దొంగ సంతకం పెట్టింది బోనులో నిలబడ్డ ఈ మనిషేనని, లేదా దొంగదని తెలిసే దాన్ని వాడుకున్నాడని సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా నిరూపించాలి. దస్తూరీదారు చేసి ఉండవచ్చు కదా అనే సందేహానికి సాక్ష్యంలో ఆధారం ఉంటే, దాని లాభం ముద్దాయికి పోతుంది. 2018లో ఒక ఫోర్జరీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: దొంగ పత్రాన్ని తయారుచేసింది ఎవరో రుజువు కానిదే ఫోర్జరీ నేరం నిలవదు.

విచిత్రమేమిటంటే, ‘రుజువు కావడం’ అంటే ఏమిటో 1872 నాటి సాక్ష్య చట్టం ఒక్క నిర్వచనంతోనే చెప్పింది. వివేకం గల మనిషి నిజమని నమ్మి ముందుకు సాగేంతగా ఉంటే రుజువైనట్టే. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా దాన్నే కొనసాగించింది. సివిల్‌కు ఒక కొలత, క్రిమినల్‌కు ఒక కొలత అని ఆ నిర్వచనంలో లేదు. ఆ తేడాను తీర్పుల ద్వారా నిలబెట్టింది న్యాయమూర్తులే. సివిల్ తీర్పు తప్పితే ఒకరి డబ్బు ఇంకొకరి దగ్గర ఉండిపోతుంది. క్రిమినల్ తీర్పు తప్పితే నేరం చేయని మనిషి జైల్లో ఉంటాడు. వివేకం గల మనిషి ఈ రెండు నిర్ణయాలనూ ఒకే భరోసాతో తీసుకోడు.

మౌనం విషయంలోనూ ఇదే తేడా. క్రిమినల్ కేసులో ముద్దాయి నోరు విప్పకపోవచ్చు. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 20వ అధికరణం హామీ ఇస్తోంది. సివిల్ దావాలో మాత్రం కక్షిదారు బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడకపోతే, అతను చెప్పుకున్నది నిజం కాదని కోర్టు అనుకోవచ్చు. ప్రతివాది అసలు కోర్టుకే రాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ పడవచ్చు.

ఈ రెంటికీ మధ్యన ఉంటుంది చెక్ బౌన్స్ కేసు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద అది నేరమే, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. కానీ చెక్కు మీద సంతకం తనదేనని తేలాక, బాకీ లేదని చూపాల్సింది ముద్దాయే. అయితే అతను అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు, సివిల్ కొలత చాలు. కర్ణాటక నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన రెండు కేసులు ఈ సంగతిని బాగా చూపిస్తాయి. 2010 నాటి కేసులో సంతకం చేసిన ఖాళీ చెక్కు పోయిందని ముద్దాయి వాదించాడు. కానీ లీగల్ నోటీసు అందినప్పుడు ఆ మాట చెప్పలేదు, అసలు జవాబే ఇవ్వలేదు. శిక్ష ఖాయమైంది. 2019 నాటి కేసులో ఆరు లక్షలు అప్పిచ్చానన్న ఫిర్యాదీ ఒక రిటైర్డ్ బస్సు ఉద్యోగి. రిటైరైనప్పుడు వచ్చింది ఎనిమిది లక్షలు, అదీ 1997లో. అప్పిచ్చానన్న రోజులకు కాస్త ముందే ఒక క్రయ ఒప్పందం కింద నాలుగున్నర లక్షలు కట్టినట్టు కూడా తేలింది. మరి ఆరు లక్షలు ఎక్కడివని ముద్దాయి తరఫున వేసిన ప్రశ్నకు సరైన జవాబు రాలేదు. ముద్దాయి బయటపడ్డాడు. బాకీ లేదనడానికి అతను పెద్ద సాక్ష్యమేమీ తేలేదు. ఫిర్యాదీ కథలోని లోటునే ఎత్తి చూపాడు, అది సరిపోయింది.

‘క్రిమినల్ కేసు పెడితే డబ్బు దానంతటదే వస్తుంది’ అన్న సలహా కోర్టు వరండాల్లో తరచూ వినిపిస్తుంది. ఆ సలహా విన్నవాడు తేలికైన బరువు దించుకుని పెద్ద బరువు ఎత్తుకుంటున్నాడు. మోసం కేసులో అప్పు తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని ప్రాసిక్యూషన్ చూపాలి. తర్వాత కట్టలేకపోవడం మోసం కాదు. ఆ కేసు వీగిపోతే బాకీ లేదని అర్థం కాదు, డిక్రీ వచ్చినంత మాత్రాన బాకీదారు నేరస్థుడైపోడు. ఒక కోర్టు తేల్చిన విషయానికి ఇంకో కోర్టు కట్టుబడి ఉండాలనే సూత్రమేదీ లేదని, రెండుచోట్లా రుజువు కొలతలు వేరని 2005లో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది.

అందుకే అప్పిచ్చేవాళ్లు సొమ్మును బ్యాంకు ద్వారా ఇవ్వండి. తీసుకునేవాళ్లు ఖాళీ నోటు మీద సంతకం పెట్టకండి, నోటీసు వస్తే జవాబు ఇవ్వండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ప్రోనోటు మీద దావాకు గడువు మూడేళ్లు. క్రిమినల్ కేసు నడుస్తోందని ఆ గడువు ఆగదు.