తాడేపల్లి జంక్షన్ మీదుగా ఎన్ని నడకలు

గ్రాఫ్ అంటే కొన్ని బిందువులు, వాటిలో కొన్ని జంటలను కలిపే గీతలు. బిందువును శీర్షం అని, గీతను అంచు అని అంటారు. ఏ శీర్షానికి ఏ శీర్షంతో నేరుగా అంచు ఉందో పట్టికగా రాస్తే అది ఆ గ్రాఫ్ ఆసన్న మాత్రిక. శీర్షాలను ఒక వరుసలో పేర్చుకుని, అదే వరుసను అడ్డంగానూ నిలువుగానూ వాడి, అంచు ఉన్న గడిలో 1, లేని గడిలో 0 వేస్తారు. పట్టిక తయారీ ఇంతటితో అయిపోతుంది. ఈ పట్టికను దానితోనే గుణిస్తూ పోతే అది ఏం లెక్కపెడుతుందన్నదే అసలు విషయం.

గుంటూరు చుట్టుపక్కల రైలు పటంలో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. విజయవాడ నుంచి దక్షిణానికి వచ్చే రైలు కృష్ణా నది దాటగానే తాడేపల్లిలోని కృష్ణా కెనాల్ జంక్షన్‌కు చేరుతుంది. అక్కడ లైను రెండుగా చీలుతుంది. ఒకటి మంగళగిరి మీదుగా గుంటూరుకు, రెండోది దుగ్గిరాల మీదుగా తెనాలికి పోతుంది. గుంటూరుకు, తెనాలికి మధ్య మరో లైను ఉంది. తెనాలి నుంచి ఒక శాఖ రేపల్లె దాకా వెళ్లి అక్కడితో ఆగిపోతుంది. విజయవాడకు అవతల, గుంటూరుకు పడమర, తెనాలికి దక్షిణాన ఉన్న మిగతా లైన్లను పక్కన పెట్టి, మధ్యలోని చిన్న స్టేషన్లను వదిలేస్తే మిగిలేవి ఐదు శీర్షాలు, ఐదు అంచులు. విజయవాడ, కృష్ణా కెనాల్, గుంటూరు, తెనాలి, రేపల్లె అనే వరుసలో రాస్తే మాత్రిక ఇలా ఉంటుంది:

```
A =
0 1 0 0 0
1 0 1 1 0
0 1 0 1 0
0 1 1 0 1
0 0 0 1 0
```

రెండో అడ్డు వరుసలో మూడు ఒకట్లు ఉన్నాయి. కృష్ణా కెనాల్‌ను విజయవాడతో, గుంటూరుతో, తెనాలితో కలిపే అంచులే అవి. ప్రధాన వికర్ణమంతా సున్నాలు, ఎందుకంటే ఏ స్టేషనూ తనతో తాను లైను వేసుకోదు. రైలు పోవడానికీ రావడానికీ వీలుంది కాబట్టి పట్టిక వికర్ణానికి ఇరువైపులా ఒకే రూపంలో ఉంది. వన్‌వే వీధుల పటానికైతే ఈ పోలిక ఉండదు.

ఇప్పుడు A ను A తో గుణిస్తే వచ్చే A² చూద్దాం. అందులో విజయవాడ వరుస, తెనాలి నిలువు వరుస కలిసే గడిని తీసుకుంటే, మాత్రికల గుణకారం ప్రకారం అది ఐదు లబ్ధాల మొత్తం. మధ్యలో ప్రతి స్టేషన్‌నూ ఒక్కొక్కసారి నిలబెట్టి, విజయవాడ నుంచి దానికి అంచు ఉందా, దాని నుంచి తెనాలికి అంచు ఉందా అని అడగడమే ఆ లబ్ధం. రెండూ ఉంటేనే ఒకటి ఇంటు ఒకటి, అంటే 1 వస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా లబ్ధం సున్నా. కూడిక పూర్తయ్యేసరికి విజయవాడ నుంచి తెనాలికి సరిగ్గా రెండు అంగల్లో చేరే తీరులన్నీ లెక్కకు వచ్చేస్తాయి. ఇక్కడ ఆ తీరు ఒక్కటే, కృష్ణా కెనాల్ మీదుగా. ఒక అంచు దాటడం ఒక అంగ. వరుసగా అంగలు వేస్తూ పోవడాన్ని గ్రాఫ్ సిద్ధాంతంలో నడక అంటారు.

మూడో ఘాతానికీ ఇదే వాదన చాలు. మూడంగల నడక అంటే మొదట ఒక అంగ, ఆపైన రెండంగల నడక. రెండంగల లెక్క A² లో సిద్ధంగా ఉంది. దాన్ని A తో గుణిస్తే మొదటి అంగ కూడా చేరుతుంది. ఇలా ఒక్కో మెట్టు ఎక్కుతూ పోతే సూత్రం స్థిరపడుతుంది. k వ ఘాతంలో i వ అడ్డు వరుస, j వ నిలువు వరుస కలిసే గడి, i నుంచి j కి సరిగ్గా k అంగల్లో చేరే నడకల సంఖ్య. ఈ నిరూపణలో గుణకారపు నిర్వచనానికి మించి ఏమీ అవసరం లేదు. ఇంటర్‌లో మాత్రికలు చదివిన ఎవరైనా దీన్ని కాగితం మీద పూర్తి చేయగలరు. ఆ పాఠంలోనే ఇదీ చెబితే, అడ్డు వరుసను నిలువు వరుసతో ఎందుకు గుణించాలన్న ప్రశ్న మిగలదు.

రెండు, మూడు ఘాతాలు ఇవి:

```
A² =           A³ =
1 0 1 1 0      0 3 1 1 1
0 3 1 1 1      3 2 4 5 1
1 1 2 1 1      1 4 2 4 1
1 1 1 3 0      1 5 4 2 3
0 1 1 0 1      1 1 1 3 0
```

A² ప్రధాన వికర్ణంలో 1, 3, 2, 3, 1 ఉన్నాయి. ఒక స్టేషన్ నుంచి బయల్దేరి రెండంగల్లో తిరిగి అక్కడికే రావాలంటే పక్క స్టేషన్‌కు పోయి వెనక్కి రావడమే దారి. అందుకే ఆ అంకె ఆ శీర్షానికి ఉన్న అంచుల సంఖ్యతో సమానం.

విజయవాడ నుంచి రేపల్లెకు సంబంధించిన గడి A లో సున్నా, A² లోనూ సున్నా, A³ లో 1. ఒక గడిలో మొదటిసారి సున్నా కానిది ఏ ఘాతంలో కనిపిస్తుందో, అదే ఆ రెండు ఊళ్ల మధ్య అతి తక్కువ అంగల దూరం. అంగలంటే కిలోమీటర్లు కావు, దాటిన అంచులు మాత్రమే. A³ లోని ఆ ఒక్కటి కృష్ణా కెనాల్, తెనాలి మీదుగా రేపల్లెకు పోయే నడక. A⁴ లోనూ ఈ గడిలో 1 వస్తుంది. అది గుంటూరు చుట్టి పోయేది: విజయవాడ, కృష్ణా కెనాల్, గుంటూరు, తెనాలి, రేపల్లె.

ఐదో ఘాతం దగ్గర జాగ్రత్త పడాలి. A⁵ లో అదే గడి విలువ 5. విజయవాడ నుంచి రేపల్లెకు ఐదు దారులున్నాయని దీన్ని చదివితే తప్పు. విజయవాడకు ఉన్న అంచు ఒక్కటే కనుక మొదటి అంగ కృష్ణా కెనాల్‌కే పడాలి. రేపల్లెకూ అంచు ఒక్కటే కనుక చివరి అంగ తెనాలి నుంచే పడాలి. మిగిలిన మూడంగలు కృష్ణా కెనాల్ నుంచి తెనాలికి. A³ లో ఆ గడి 5 అని ముందే చెప్పింది. ఆ ఐదూ ఏవంటే, విజయవాడకు వెనక్కి పోయి వచ్చి తెనాలి చేరడం, గుంటూరుకు పోయి వచ్చి తెనాలి చేరడం, తెనాలికి పోయి మళ్లీ కృష్ణా కెనాల్‌కు వచ్చి తిరిగి తెనాలి చేరడం, తెనాలి నుంచి గుంటూరుకు పోయి రావడం, తెనాలి నుంచి రేపల్లెకు పోయి రావడం. ఐదింటిలో ప్రతిదీ ఏదో ఒక స్టేషన్‌ను రెండోసారి తొక్కుతోంది. టికెట్ కొనే మనిషికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఏ స్టేషన్‌నూ రెండుసార్లు తాకని దారులు మొత్తం రెండే, మూడంగలది ఒకటి, నాలుగంగలది ఒకటి.

ఘాతాలు నడకలను లెక్కిస్తాయి, దారులను కాదు. మాత్రికకు జ్ఞాపకం ఉండదు. ఇప్పుడున్న స్టేషన్ నుంచి ఎటు పోవచ్చో అది చెబుతుంది కానీ, ఇంతకుముందు ఎక్కడెక్కడ తిరిగామో దానికి తెలియదు. పునరుక్తి లేని దారులను మాత్రమే లెక్కించడం ఎంతో కష్టమైన పని. 1979లో లెస్లీ వాలియంట్ ఆ సమస్యను అత్యంత కఠినమైన లెక్కింపు సమస్యల కోవలో చేర్చి చూపారు. పెద్ద గ్రాఫ్‌లన్నిటికీ దాన్ని వేగంగా చేసే పద్ధతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నడకల లెక్క సులువుగా వస్తుందని దాన్నే దారుల లెక్కగా చూపడం, ఈ విషయంలో తరచుగా జరిగే పొరపాటు.

A³ ప్రధాన వికర్ణంలో 0, 2, 2, 2, 0 ఉన్నాయి. మూడంగల్లో బయల్దేరిన చోటికే రావాలంటే త్రిభుజం చుట్టాలి. కృష్ణా కెనాల్, గుంటూరు, తెనాలి కలిసి ఒక త్రిభుజం. దానిలో ఏ మూల నుంచైనా బయల్దేరవచ్చు, ఏ వైపైనా తిరగవచ్చు, కాబట్టి ఒకే త్రిభుజం ఆరుసార్లు లెక్కకు వస్తుంది. వికర్ణం మొత్తం 6, ఆరుతో భాగిస్తే 1. పటం కంటితో చూడలేనంత పెద్దదైనా త్రిభుజాల సంఖ్య ఇలాగే తేలుతుంది.

ఈ త్రిభుజం పటం స్వభావాన్నే మారుస్తుంది. A⁴ లో ఒక్క గడి కూడా సున్నా కాదు, అంటే ఏ స్టేషన్ నుంచైనా ఏ స్టేషన్‌కైనా సరిగ్గా నాలుగంగల నడక ఉంది. గుంటూరు, తెనాలి మధ్య లైను లేదనుకుంటే ఈ మాట చెల్లదు. అప్పుడు పటంలో చుట్టు ఉండదు. స్టేషన్లు రెండు జట్లుగా విడిపోతాయి, ఒక జట్టులో విజయవాడ, గుంటూరు, తెనాలి, రెండో జట్టులో కృష్ణా కెనాల్, రేపల్లె. ప్రతి అంగా ఒక జట్టు నుంచి మరో జట్టుకే పడుతుంది. సరిసంఖ్య అంగల్లో విజయవాడ నుంచి రేపల్లె చేరడం అసాధ్యమవుతుంది. ఎంత పెద్ద ఘాతం తీసినా సగానికి దగ్గరగా గడులు సున్నాలే.

శీర్షాలుగా వేటిని తీసుకున్నామన్నది కూడా ఇక్కడే తేడా తెస్తుంది. మంగళగిరిని ఆరో శీర్షంగా చేరిస్తే త్రిభుజం నాలుగు మూలల చుట్టుగా మారుతుంది, కొత్త A³ వికర్ణమంతా సున్నాలవుతుంది. నేల మీద పట్టాలు కదల్లేదు, జవాబు మారిపోయింది. కాబట్టి ఘాతాల అంకెలు చెప్పేవారు ముందుగా ఏ స్టేషన్లను లెక్కలోకి తీసుకున్నారో చెప్పి తీరాలి.

ఒక్కో ఘాతంలోని గడులన్నీ కూడితే ఆ పొడవున్న నడకల మొత్తం వస్తుంది. ఇక్కడ అవి 10, 24, 54, 126, 288. మూడో సంఖ్య నుంచి చూస్తే, ప్రతిదీ తన ముందుదానికి, దానికీ ముందుదాని మూడింతలు కలిపితే వచ్చేదే: 54 = 24 + 3 × 10, 126 = 54 + 3 × 24. అందుకే పెరుగుదల నిష్పత్తి x² = x + 3 సమీకరణపు ధన మూలం వైపు, అంటే సుమారు 2.303 వైపు స్థిరపడుతుంది. ఇది ఆ మాత్రికకున్న అతి పెద్ద ఐగెన్ విలువ. త్రిభుజానికి రెండు కొమ్ములున్న ఈ ఆకారాన్ని గణితంలో బుల్ గ్రాఫ్ అంటారు. ఒంగోలు గిత్తల సీమ పక్కనే, రైలు పటంలో అది దొరకడం ముచ్చటగా ఉంది.

కంప్యూటర్‌లో చేసేటప్పుడు ఒక చోట తరచుగా లెక్క తప్పుతుంది. పైథాన్ భాషలోని నంపైలో

```
A ** 3                          # ఒక్కో గడికి విడిగా ఘాతం
np.linalg.matrix_power(A, 3)    # మాత్రికకు ఘాతం
```

మొదటి పంక్తి ఒకటిని ఒకటిగా, సున్నాను సున్నాగా ఉంచి అసలు పట్టికనే తిరిగి ఇస్తుంది. తప్పు జరిగిందని ఏ హెచ్చరికా రాదు. అందుకని ముందు రెండో ఘాతం తీసి, దాని వికర్ణంలో ప్రతి స్టేషన్‌కూ ఉన్న అంచుల సంఖ్య వచ్చిందో లేదో సరిచూడండి. ఈ పటానికైతే 1, 3, 2, 3, 1 రావాలి. రాకపోతే పట్టిక నింపడంలోనో గుణించడంలోనో పొరపాటు ఉన్నట్టే.